మీకు తెలుసా? కుండీ అడుగున రాళ్లు పరిస్తే తడి ఇంకా పైకొస్తుంది!

నీళ్లు చాలని టమాటా మొక్క వాడిపోతుంది. సరే, అది అందరికీ తెలుసు. నీళ్లెక్కువైన టమాటా మొక్క కూడా అచ్చం అలాగే వాడిపోతుందని తెలుసా? అదీ మట్టి తడిగా ఉండగానే! అయ్యో దాహమేస్తోందేమో అని మనం ఇంకో మగ్గు పోస్తాం. మొక్క ఇంకాస్త వాలిపోతుంది! కారణం వింటే ఆశ్చర్యపోతారు. ఆక్సిజన్ గాలిలో కదిలినంత వేగంగా నీటిలో కదల్లేదు. ఎంత తేడానో ఊహించండి. దాదాపు 10,000 రెట్లు నెమ్మది! మట్టిలోని సందులన్నీ నీటితో నిండితే వేళ్లకు ఊపిరి ఆడదు. ఊపిరాడని వేరు నీళ్లు పీల్చలేదు. నీళ్లలో నిలబడి దాహంతో చస్తుందన్నమాట!

మరి ఆ నీళ్లు దిగిపోవాలంటే ఏం చేస్తాం? కుండీ అడుగున గులకరాళ్లో, ఇటుక ముక్కలో పరుస్తాం. మా అమ్మ అలాగే చేసేది. నేనూ ఏళ్ల తరబడి అలాగే చేశాను. కానీ రాళ్లు వేస్తే నీళ్లు బాగా దిగవు! మట్టి సన్నం, రాళ్ల మధ్య సందులు పెద్దవి. సన్నటి సందుల్లో పట్టుకున్న నీటిని మట్టి అంత సులువుగా కింది పెద్ద సందుల్లోకి వదలదు. తన అడుగు పొర పూర్తిగా నానేదాకా అలాగే బిగబట్టుకుని ఉంటుంది! అంటే మామూలుగా కుండీ అడుగున ఉండాల్సిన ఆ చిత్తడి పొర ఇప్పుడు రాళ్ల మీద కూర్చుంటుంది. మీరు 2 అంగుళాల రాళ్లు వేశారా? చిత్తడి సరిగ్గా 2 అంగుళాలు పైకొచ్చి వేళ్లకు ఇంకా దగ్గరైంది!

నమ్మకం కలగట్లేదా? వంటింట్లోకి వెళ్లండి. గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి తీసుకోండి. నీళ్లలో బాగా ముంచి, అరచేతిలో బల్లపరుపుగా పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇక చుక్క రాదు! ఇప్పుడు దాన్ని పిండకుండా, నిలువుగా తిప్పి పట్టుకోండి. మళ్లీ బొటబొటా కారుతుంది! స్పాంజి అదే, రంధ్రాలు అవే, నీళ్లు అవే. మారింది ఎత్తు ఒక్కటే. ఈ పరీక్షకు 1 నిమిషం చాలు. కుండీ గుట్టంతా ఈ ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది!

స్పాంజి చెప్పిన మాట ఇది. నీళ్లన్నీ కారిపోయాక కూడా అడుగున కొంత ఎత్తు వరకు చిత్తడి మిగిలే ఉంటుంది. ఆ ఎత్తు కుండీని బట్టి మారదు! లోపలి మిశ్రమాన్ని బట్టే మారుతుంది. ఒక మిశ్రమంలో అది 5 సెంటీమీటర్లు అనుకుందాం. అదే మిశ్రమాన్ని 10 సెంటీమీటర్ల లోతు ట్రేలో పోస్తే సగం ట్రే చిత్తడే! 30 సెంటీమీటర్ల లోతు బకెట్‌లో పోస్తే ఆరో వంతు మాత్రమే చిత్తడి. మట్టి అదే, నీళ్లు అవే, ఒకచోట వేళ్లు కుళ్లుతాయి, ఇంకోచోట హాయిగా పెరుగుతాయి! టమాటా, వంగ లాంటివాటికి లోతు కుండీ ఎందుకో ఇప్పుడు అర్థమైందా? లోతు లేని ట్రేలు పాలకూరకు, కొత్తిమీరకు వదిలేయండి.

అయితే చిత్తడి పొరను తగ్గించే దారే లేదా? ఉంది! రాళ్లతో కాదు, మిశ్రమంతో. సందులు పెద్దవైతే ఆ పొర ఎత్తు తగ్గుతుంది. అందుకే కొబ్బరి పొట్టు, కంపోస్టు, ఇసుక కలుపుతాం. ఎలా కలపాలో 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్‌తోనే చూద్దాం. ఒక బకెట్, ఒక టమాటా మొక్క!

ముందు కొబ్బరి పొట్టు. దుకాణాల్లో కోకోపీట్ ఇటుక అని అమ్ముతారు. 650 గ్రాములు తూగే చిన్న ఇటుక. చేతిలో పట్టేస్తుంది! టబ్బులో పెట్టి సుమారు 4 లీటర్ల నీళ్లు పోయండి. అరగంటలో చూడండి వింత. ఉబ్బి, విచ్చుకుని, 8 లీటర్లకు పైగా పొడిపొడి పొట్టు అవుతుంది! మన బకెట్‌కు కావలసింది కూడా సరిగ్గా 8 లీటర్లే. ఒక ఇటుక, ఒక బకెట్. లెక్క ఎంత బాగా కుదిరిందో!

ఈ పొట్టు నీళ్లు ఎంత తాగుతుందో తెలుసా? తన ఎండు బరువుకు దాదాపు 8 రెట్లు! అంత తాగినా మధ్యలో గాలి సందులు ఉంచుకుంటుంది. మామూలు బంకమట్టికి ఆ విద్య రాదు. కానీ ఇక్కడొక చిక్కుంది. పైపొర ఎండిపోయి లేత గోధుమ రంగుకు మారినా లోపల తడి ఉంటుంది! పైరంగు చూసి నీళ్లు పోసేవాళ్లు ఇక్కడే మోసపోతారు. వేలు రెండు కణుపులు దిగేదాకా గుచ్చి చూసి, అప్పుడు పోయండి.

ఇంకో రహస్యం, ఇది చాలామంది పట్టించుకోరు. కొబ్బరి డొక్కలో ఉప్పు ఉంటుంది! పొటాషియం, సోడియం సహజంగానే దానిలో ఉంటాయి. డొక్కల్ని ఉప్పునీళ్లలో నానబెట్టి తీసిన పొట్టయితే ఇంకా ఎక్కువ. కడగకుండా వాడితే లేత నారు ఆకుల అంచులు మాడిపోతాయి. నీళ్లు పోసి, కలిపి, పాత గుడ్డలో పిండండి. మొదటిసారి టీ డికాక్షన్ రంగులో వస్తుంది! 3 సార్లు పిండితే ఆ రంగు బాగా తేలికవుతుంది. రంగు పోయినంత మాత్రాన ఉప్పు పోయినట్టు కాదు సుమా! ఇంట్లో ఫిల్టర్ నీళ్లు చూసుకునే టీడీఎస్ మీటర్ ఉంటే, పిండిన నీళ్లలో ముంచండి. మీ కుళాయి నీటి అంకెకు దగ్గరగా వచ్చిందా? ఇక చాలు.

ఇంతా కడిగినా కొంత సోడియం, పొటాషియం పొట్టు రేణువులను పట్టుకునే ఉంటాయి! మామూలు నీళ్లకు అవి వదలవు. కాల్షియం వచ్చి తోస్తేనే వదులుతాయి. అలా తోసే పనిలో పొట్టు కొత్త కాల్షియాన్ని తానే ఉంచేసుకుంటుంది. మొక్కకు అందాల్సిన వాటా తగ్గుతుంది! టమాటా కాయ అడుగున నల్లటి మచ్చ పడి కుళ్లుతుందే, అది కాయకు కాల్షియం అందకపోవడం వల్లే. కాస్త కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో పొట్టును 24 గంటలు నానబెట్టి, పిండి వాడేవాళ్లకు ఈ బెంగ చాలావరకు తగ్గుతుంది. ఎరువుల కొట్టులో అడిగితే ఇస్తారు.

రెండోది కంపోస్టు. ఇదీ 8 లీటర్లే. వర్మీకంపోస్టు కావచ్చు, బాగా చివికిన పశువుల ఎరువు కావచ్చు. పచ్చి పేడ మాత్రం వద్దు! కుళ్లుతున్న కుప్ప నడుమ వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. చెయ్యి పెడితే కాలుతుంది. అక్కడ లేత వేరు ఏమవుతుందో మీరే ఆలోచించండి! వేడి ఒక్కటే కాదు, పచ్చి ఎరువు నుంచి అమ్మోనియా ఘాటు కూడా వస్తుంది. ముక్కుకు ఘాటు తగిలిందంటే అది ఇంకా ఎరువు కాలేదు. చివికిన ఎరువుకు తొలకరి వానకు తడిసిన నేల వాసన వస్తుంది!

ముక్కు మీద నమ్మకం లేకపోతే పోపుల పెట్టె తెరవండి. మెంతులు చాలు! ఒక గిన్నెలో సగం కంపోస్టు, సగం కడిగిన కొబ్బరి పొట్టు వేసి 20 మెంతులు చల్లండి. పక్కన ఉత్త కొబ్బరి పొట్టులో ఇంకో 20. నాలుగైదు రోజుల్లో రెండింటినీ లెక్కపెట్టండి. కంపోస్టు గిన్నెలో మొలకలు బాగా తగ్గినా, వేరు కొసలు గోధుమ రంగుకు తిరిగినా, ఆ ఎరువును ఇంకో నెల మాగనివ్వండి. మెంతులు మీకు లాబొరేటరీ అయిపోయాయి!

కంపోస్టు బలం కదా, ఎక్కువ వేస్తే ఇంకా మంచిదని అనిపిస్తుంది. అనిపించనివ్వండి గానీ వేయకండి! కంపోస్టు కుండీలో కూడా కుళ్లుతూనే ఉంటుంది. కుళ్లేకొద్దీ సన్నబడుతుంది, సందులు మూసుకుపోతాయి. ఒక పంట అయ్యేసరికి మిశ్రమం 2, 3 అంగుళాలు కిందికి దిగిపోవడం చూసే ఉంటారు. మట్టిని ఎవరూ ఎత్తుకుపోలేదు, కంపోస్టే కరిగిపోయింది! అందుకే సగానికి మించి వద్దు.

మూడోది ఇసుక. అసలు కథ ఇక్కడే ఉంది, కాస్త నిలవండి! ఒక గ్లాసు నిండా శనగలు పోయండి. నిండిపోయింది కదా. ఇప్పుడు పైనుంచి ఆవాలు పోయండి. దిగుతాయి! దిగుతూనే ఉంటాయి! గ్లాసులో దాదాపు 40 శాతం జాగా ఇంకా ఖాళీగానే ఉంది మరి. ఆ ఖాళీయే మొక్కకు గాలి. సన్న ఇసుక వేసినప్పుడు సరిగ్గా ఈ ఆవాల పనే చేస్తుంది. సందుల్లోకి జారి గాలి దారి మూసేస్తుంది! ఇసుక వేస్తే నీళ్లు దిగుతాయన్నది సగం నిజమే. దొడ్డు ఇసుక వేస్తేనే దిగుతాయి.

దొడ్డు ఇసుక అంటే ఎంత? రేణువు ఆవగింజంత ఉండాలి. అంటే 1 నుంచి 2 మిల్లీమీటర్లు! ఉప్మా రవ్వలా ఉంటే పనికిరాదు, జల్లెడ పట్టి సన్నం పారబోయండి. ఇప్పుడు ఇళ్ల పనికి ఎక్కువగా దొరికేది రాయి పిండి చేసిన ఇసుక. అందులో దుమ్ము బాగా ఉంటుంది. ఒకసారి నేను అది కడగకుండా రెండు బకెట్లలో కలిపాను. పైన సిమెంటు గచ్చులా పెచ్చు కట్టింది! పోసిన నీళ్లు పైనే చెరువులా నిలిచాయి. రెండు మొక్కలూ పోయాయి.

ఇసుకలో దుమ్మెంతో కళ్లతో చూడొచ్చు. ఒక గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు. మూత పెట్టి గట్టిగా ఊపి, కదలకుండా 3 గంటలు వదిలేయండి. దొడ్డు రేణువులు అడుక్కి చేరతాయి, బురద పైన వేరే పొరలా పేరుకుంటుంది. రంగు తేడా స్పష్టంగా తెలుస్తుంది! పొర మందంగా కనిపిస్తే ఇసుకను బకెట్‌లో వేసి, నీళ్లు పోసి కలిపి వంచండి. వంచిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. సముద్రపు ఒడ్డు ఇసుక మాత్రం ఊరికే వచ్చినా వద్దు. అందులో ఉప్పుంది!

ఇసుక పాలు 4 లీటర్లు. ఇంతే ఎందుకు? బరువు! పొడి ఇసుక లీటరు దాదాపు ఒకటిన్నర కిలో తూగుతుంది. 4 లీటర్లకే 6 కిలోలు! ఈ బరువు కూడా మనకు అవసరమే. కాయలు వేలాడే టమాటా మొక్కను గాలివాన తోసేయకుండా బకెట్‌ను నిలబెట్టేది ఇదే. అంతకన్నా ఎక్కువైతే మేడకే భారం. ఉత్త తోటమట్టి నింపిన ఇదే బకెట్ తడిసిందంటే 30 కిలోలు దాటగలదు. మన మిశ్రమం తడిసినా అంతకన్నా చాలా తేలిక!

ఇప్పుడొక లెక్కల వింత. 8, 8, 4 కలిపితే 20 కదా? కలిపి చూడండి, 20 రాదు! శనగలు, ఆవాల సంగతి గుర్తుందిగా. ఒకదాని సందుల్లోకి ఇంకొకటి జారుతుంది. 17, 18 లీటర్ల దగ్గర ఆగుతుంది. కంగారు పడకండి, అదే మనకు కావాలి! బకెట్ పైఅంచు నుంచి 2 అంగుళాలు ఖాళీ ఉండాలి. పోసిన నీళ్లు పొర్లిపోకుండా నిలిచి దిగేది ఆ జాగాలోనే.

సరిగ్గా కలిసిందో లేదో చెయ్యే చెబుతుంది. గుప్పెడు తీసుకుని గట్టిగా పిండండి. ఉండ కట్టాలి. 1 వేలితో తాకగానే పగిలిపోవాలి! పగలకుండా లడ్డూలా నిలిచిందా? సన్నం ఎక్కువైంది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయా? తడి ఎక్కువైంది, కాసేపు నీడలో ఆరనివ్వండి.

ఇంకా ఖచ్చితంగా తెలియాలా? ఈ పరీక్ష నాకు ఎంతో ఇష్టం! 1 లీటరు మంచినీళ్ల సీసా మెడ కోసేయండి. అడుగున రెండు రంధ్రాలు పెట్టి టేపు అంటించండి. తడి మిశ్రమం నింపి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో గుర్తుంచుకోండి. పైన నీళ్లు మెరిసేదాకా మెల్లగా పోసి, అరగంట ఆగండి. ఇప్పుడు టేపు తీసి, కారిన నీళ్లన్నీ గిన్నెలో పట్టి కొలవండి. నీళ్లు పోయిన చోటికి గాలి వచ్చింది. అంటే కారినన్ని నీళ్లు, అంత గాలి! లీటరు మిశ్రమానికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు వస్తే బ్రహ్మాండం. 100 రాలేదా? వేళ్లకు గాలి చాలదు. బియ్యం మిల్లు ఊక రెండు గుప్పిళ్లు కలిపి మళ్లీ కొలిచి చూడండి.

ఇక బకెట్ సంగతి. అడుగున ఒకే ఒక్క రంధ్రం పెట్టి ఊరుకుంటారు చాలామంది. ఒక వేరు అడ్డుపడితే చాలు, బకెట్ కాస్తా బావి అయిపోతుంది! చిటికెనవేలంత రంధ్రాలు 8 పెట్టండి. కొన్ని అడుగున, కొన్ని అడుగు అంచు మలుపులో. రంధ్రాల మీద రాళ్లు కాదు, దోమతెర ముక్కో, గుప్పెడు కొబ్బరి పీచో వేయండి. మిశ్రమం జారదు, నీళ్లు ఆగవు!

రంధ్రాలు పెట్టినా నీళ్లు దిగకపోవచ్చు, తెలుసా? బకెట్ అడుగు గచ్చుకు అతుక్కుని కూర్చుంటే రంధ్రాలు మూసుకున్నట్టే. నీళ్లు వెళ్లడానికి దారేదీ? టైల్స్ ముక్కలు మూడు పెట్టి 1 అంగుళం పైకెత్తండి. చూస్తుండగానే కారడం మొదలవుతుంది! కింద పళ్లెం పెట్టే అలవాటుంటే, అందులో చేరిన నీళ్లను పారబోయడం మర్చిపోకండి.

ఇంత హడావుడి ఎందుకు అంటారా? ఒక్క వాన లెక్క చూడండి. మన బకెట్ మూతి వెడల్పు 30 సెంటీమీటర్లు అనుకుందాం. శ్రావణంలోనో, తుఫాను రోజునో 10 సెంటీమీటర్ల వాన పడింది. ఆ చిన్న మూతిలో పడే నీళ్లెన్నో తెలుసా? 7 లీటర్లు! బకెట్‌లో మూడో వంతు నీళ్లు ఒక్క రోజులో ఆకాశం నుంచి దిగిపోతాయి. మీరు మగ్గుతో పోసినవి కావు కాబట్టి మీ లెక్కలోకే రావు! ఇవన్నీ ఎంత త్వరగా వెళ్లిపోతే టమాటా అంత క్షేమం.

మిశ్రమం బాగా కుదిరినా ఒక లోటు ఉంటుంది, అదీ చెప్పేస్తాను. కొబ్బరి పొట్టులో నత్రజని దాదాపు లేదు! పైగా దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మొక్క వాటా నత్రజనిని కూడా లాక్కుంటాయి. కింది ఆకులు లేత పసుపు రంగుకు తిరుగుతుంటే అదే గుర్తు. 15 రోజులకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు పైన చల్లి, నీళ్లు పోయండి. నీళ్లు బాగా దిగే కుండీలో ఎరువు కూడా నీళ్లతో కొంచెం కొంచెం దిగిపోతుంది మరి!

చివరిగా ఒక గుర్తు. టమాటా కాడలు పైకి నిలబడకుండా గొడుగు మూసినట్టు కిందికి వంగుతున్నాయా? ఆకు మాత్రం పచ్చగానే ఉందా? నీళ్లు నిలిచిన మొక్క ఒక్క రోజులోనే అలా వంగగలదు! ఊపిరాడని వేళ్లు పైకి పంపే సంకేతం అది. మగ్గు పక్కన పెట్టండి. బకెట్ పైకెత్తి, అడుగు రంధ్రం దగ్గర వాసన చూడండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపల గాలి లేదు. ఆ రంధ్రాన్ని ఇవాళే పుల్లతో పొడిచి చూడండి!